లెటర్‌హెడ్ అడుగున నాలుగు మిల్లీమీటర్లు

కంపెనీల చట్టం, 2013లో 12వ సెక్షన్ ఒక చిన్న పని చెబుతుంది. కంపెనీ రాసే ప్రతి వ్యాపార లేఖ మీద, బిల్లు మీద, నోటీసు మీద దాని పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, 21 అక్షరాల సీఐఎన్, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలి. వెబ్‌సైటు ఉంటే అదీ, ఫ్యాక్స్ ఉంటే దాని నంబరూ ఉండాలి. అవి లేకపోతే రోజుకి వెయ్యి రూపాయల చొప్పున లక్ష దాకా జరిమానా వేయొచ్చు. అందుకే ప్రతి కంపెనీ వాటన్నిటినీ లెటర్‌హెడ్ అడుగున రెండు మూడు చిన్న వరుసల్లో సర్దుతుంది. ఆఫీసు ప్రింటర్ కోసేది సరిగ్గా ఆ వరుసల్నే. ఫోన్ నంబరులో అంకెల కింది సగం ఎగిరిపోతుంది, 8కీ 9కీ తేడా తెలియకుండా పోతుంది. ఉత్తరం అందుకున్నవాళ్లు మాత్రం కంపెనీ వాళ్లకి శ్రద్ధ లేదనుకుంటారు.

ఈ కోత వెనక రెండు రకాల యంత్రాల మధ్య తేడా ఉంది. ఆఫ్‌సెట్ ప్రెస్‌లో లెటర్‌హెడ్‌ని పెద్ద షీటు మీద అచ్చేస్తారు. ఒకే షీటు మీద నాలుగో ఎనిమిదో కాపీలు పక్కపక్కన పడతాయి, ఆ తర్వాత కటింగ్ మిషన్ మీద A4 కొలతకి కోస్తారు. రంగు పట్టీ కాగితం అంచుదాకా రావాలంటే డిజైనర్ దాన్ని అంచు దాటించి మరో 3 మి.మీ. పెంచుతాడు. కత్తి కాస్త అటూ ఇటూ పడినా తెల్ల గీత కనిపించదు. ఈ అదనాన్ని ప్రెస్ వాళ్లు బ్లీడ్ అంటారు. అంటే ప్రెస్‌లో ముందు అచ్చు, తర్వాత అంచు. ఆఫీసు ప్రింటర్‌కి వచ్చేసరికి కాగితం అప్పటికే కోసి ఉంటుంది. అచ్చు పడేవేళకి అంచులు నాలుగూ సిద్ధంగా ఉంటాయి, యంత్రం వాటికి దూరంగా జరిగి పని చేసుకోవాలి.

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి ఈ తేడా కనిపించదు. డీటీపీ సెంటర్‌లో కోరల్‌డ్రాలో వేసిన డిజైన్‌ని చాలా ఏళ్లు ప్రెస్‌లోనే అచ్చు వేయించుకుంటారు, అంతా బాగానే ఉంటుంది. తర్వాత ఉత్తరాలు ఈమెయిల్‌లో పంపడం మొదలవుతుంది. ఎవరో ఆ డిజైన్‌నే జేపీజీగా తీసి, వర్డ్‌లో పేజీ మొత్తం పరిచి, దాని మీద టైపు చేయడం మొదలుపెడతారు. తెరమీద అచ్చం ప్రెస్ కాగితంలాగే కనిపిస్తుంది. ప్రింటర్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు చుట్టూ తెల్ల చట్రం, అడుగున సగం తెగిన వరుస ఉంటాయి.

లేజర్ ప్రింటర్ అంచులు ఎందుకు వదులుతుందో తెలియాలంటే లోపల కాగితం నడిచే దారి చూడాలి. డ్రమ్ము మీద విద్యుదావేశంతో ఏర్పడిన బొమ్మకి టోనర్ పొడి అంటుకుంటుంది. కాగితం డ్రమ్ముకీ ట్రాన్స్‌ఫర్ రోలర్‌కీ మధ్య నడుస్తుండగా ఆ పొడి కాగితం మీదికి మారుతుంది. అక్కణ్ణుంచి కాగితం ఫ్యూజర్‌లోకి వెళ్తుంది. అక్కడ దాదాపు 200 డిగ్రీల వేడి, ఒత్తిడి కలిసి పొడిని కరిగించి కాగితంలోకి అదుముతాయి. కరిగిన టోనర్ జిగురుగా ఉంటుంది కాబట్టి కాగితం వేడి రోలర్‌ని పట్టుకుని దానితోపాటే చుట్టుకుపోవాలని చూస్తుంది. ముందు అంచున టోనర్ లేని ఖాళీ పట్టీ ఉంటేనే అది రోలర్ నుంచి విడివడి ముందుకు సాగుతుంది. పెనం మీద అట్టు తిరగెయ్యాలన్నా ముందు అంటుకోని అంచు ఒకటి దొరకాలి కదా.

వెనక అంచు కథ వేరు. ఫుటర్ సాధారణంగా ఉండేది ఆ అంచునే. కాగితం అంచు దాటి టోనర్ పడితే దాన్ని అందుకోవడానికి కాగితం ఉండదు, పొడి నేరుగా ట్రాన్స్‌ఫర్ రోలర్ మీద పడుతుంది. తర్వాత వచ్చే కాగితం వెనకవైపు మసి మరక అంటుతుంది. పైగా కాగితం ప్రతిసారీ మిల్లీమీటరు తేడా లేకుండా ఒకే చోటికి రాదు. ట్రేలో కాస్త వంకరగా కూర్చోవచ్చు, రోలర్ అరిగి జారవచ్చు. ఆ జారుడుకి కూడా చోటుంచి తయారీదారులు చుట్టూ ఒక నిషిద్ధ పట్టీ గీశారు. చాలా లేజర్ ప్రింటర్లలో అది అంగుళంలో ఆరో వంతు, అంటే 4.2 మి.మీ. కొన్నిటిలో 5 మి.మీ. ఆ పట్టీలో పడే భాగాన్ని యంత్రం చప్పుడు చేయకుండా వదిలేస్తుంది.

ఇంక్‌జెట్‌లో వేడి రోలర్ లేదు, అయినా అడుగు అంచు దానికీ ఇబ్బందే. కాగితాన్ని ముందుకు తోసే ప్రధాన రోలర్ ఇంకు చల్లే తలకి వెనక ఉంటుంది. కాగితం తోక ఆ రోలర్ పట్టు తప్పాక దాన్ని పట్టుకునేవి బయటి వైపు చిన్న చక్రాలే, ఆ పట్టు అంత నిఖార్సైనది కాదు. పాత ఇంక్‌జెట్లు కొన్ని ఈ కారణంగానే అడుగున 12 మి.మీ. పైన వదిలేసేవి. ఇప్పటివాటిలో చాలా మటుకు 3 నుంచి 5 మి.మీ. సరిపోతుంది. ఫొటోలు అచ్చేసే ఇంక్‌జెట్లు అంచు లేకుండా కూడా వేస్తాయి. అవి బొమ్మని కాస్త పెద్దది చేసి, కాగితం దాటి చల్లిన ఇంకుని కింద ఉన్న స్పాంజి పట్టీలోకి పీల్చుకుంటాయి. లేజర్‌లో అలాంటి స్పాంజికి చోటు లేదు. ఆఫీసు లేజర్ ప్రింటర్‌లో అంచుదాకా రంగు వచ్చే సెట్టింగ్ కోసం మెనూలన్నీ వెతికేవాళ్లు లేని వస్తువు కోసం వెతుకుతున్నట్టే.

తెగిన ఫుటర్లన్నీ ఒకే కారణంతో తెగవు. కోత ఎలా ఉందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. స్కేలు పెట్టి కాగితం అంచు నుంచి కోత దాకా కొలవాలి. నాలుగైదు మి.మీ. వచ్చి, కోత గీత గీసినట్టు తిన్నగా ఉంటే అది పైన చెప్పిన నిషిద్ధ పట్టీ. అడుగున రెండు సెంటీమీటర్ల దాకా తెల్లగా ఉండి ఫుటర్ పూర్తిగా మాయమైతే అది కాగితం కొలత తగాదా. అమెరికా లెటర్ కాగితం 215.9 మి.మీ. వెడల్పు, 279.4 మి.మీ. ఎత్తు. A4 కన్నా దాదాపు 6 మి.మీ. వెడల్పు ఎక్కువ, 17.6 మి.మీ. పొట్టి. ట్రేలో A4 ఉన్నా, డ్రైవర్‌లో "Letter" అని ఉంటే ప్రింటర్ 279 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. ప్రోగ్రాంని బట్టి ఆ 17.6 మి.మీ. అంతా అడుగునే పోవచ్చు, లేదా పైన సగం, కింద సగం పోవచ్చు. కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగ్ అమెరికాకి పెట్టి ఉన్నచోట, అమెరికా మాతృసంస్థ పంపిన టెంప్లేట్లు వాడే హైదరాబాద్ ఆఫీసుల్లో ఇది మాటిమాటికీ ఎదురవుతుంది. వర్డ్‌లో "Layout" కింద "Size", తర్వాత ప్రింటర్ డ్రైవర్, ఆ తర్వాత ప్రింటర్ ట్రే సెట్టింగ్, ఈ మూడుచోట్లా A4 ఉందో లేదో చూడాలి. రెండుచోట్ల సరిచేసి మూడోది వదిలేస్తే తగాదా తీరదు.

మూడో రకం కోతకి ప్రింటర్‌తో సంబంధమే లేదు. లోగో తెరమీదే ఒక సన్నని పట్టీలా కనిపిస్తే, అది కూర్చున్న పేరాకి లైన్ స్పేసింగ్ "Exactly" అని పెట్టారన్నమాట. వర్డ్ ఆ కొలతకి మించిన ఎత్తుని చూపించదు. బొమ్మ ఉన్న వరుసకి "Single" పెట్టగానే లోగో మొత్తం బయటికి వస్తుంది. తెలుగు అక్షరాలకీ ఇదే గండం. గుడులు పైకి, ఒత్తులు కిందికి సాగుతాయి కాబట్టి ఇంగ్లీషు వరుసలకి సరిపోయిన "Exactly" కొలత తెలుగు చిరునామాలో "రాష్ట్రం" కింద ఒత్తులని తినేస్తుంది. తెలుగు వరుస ఉన్న ఫుటర్‌కి "Single" వాడి, ఎంత ఎత్తు వచ్చిందో చూసుకోవడమే మేలు.

ఇక మిగిలింది మొదటి రకం. దానికి మందు డిజైన్‌లోనే ఉంది. డిజైన్ ముట్టుకునే ముందు ఆఫీసులో ఉన్న ప్రింటర్ నిజంగా ఎంత వదులుతుందో కొలవాలి. వర్డ్‌లో A4 పేజీ తెరిచి, లోపల రంగు లేని దీర్ఘచతురస్రాలు ఐదు గీస్తే చాలు. వాటి కొలతలు మి.మీ.లలో 204×291, 202×289, 200×287, 198×285, 194×281. ప్రతిదాన్నీ "Position"లో అడ్డంగానూ నిలువుగానూ పేజీకి సంబంధించి "Centered"గా పెట్టాలి. అప్పుడవి అంచు నుంచి వరసగా 3, 4, 5, 6, 8 మి.మీ. దూరంలో ఉంటాయి. దీన్ని రోజూ వాడే ట్రేలోంచి వరసగా ఐదు కాపీలు తీయాలి. ఒక్క కాపీతో ఆపకూడదు, ఎందుకంటే కాగితం జారుడు ఒక్కో కాపీలో ఒక్కోలా ఉంటుంది. చేతితో పెట్టే ట్రే నుంచి కూడా తీస్తే ఆ జారుడు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. రెండు వైపులా అచ్చేసే ప్రింటరైతే రెండో వైపూ చూడాలి. కాగితం తిరగబడి ఒకవైపు తల ముందు, ఇంకోవైపు తోక ముందు వెళ్తుంది కాబట్టి రెండు వైపులా ఖాళీ ఒకేలా ఉండాలని లేదు. ప్రతి అంచు దగ్గరా అన్ని కాపీల్లోనూ తెగకుండా వచ్చిన గీతల్లో అన్నిటికన్నా బయటిదే అక్కడ హద్దు. నాలుగు కాపీల్లో 5 మి.మీ. గీత వచ్చి ఐదో కాపీలో రాకపోతే హద్దు 6 మి.మీ. అనుకోవాలి.

ప్రింటర్ తన హద్దుని తనే చెప్పే దారి ఒకటి ఉంది. లినక్స్‌లో ప్రింటర్ వివరాల ఫైల్లో ఒక వరుస కనిపిస్తుంది:

```
sudo grep "ImageableArea A4" /etc/cups/ppd/*.ppd
*ImageableArea A4: "12 12 583 830"
```

రెండో వరుస ఒక సాధారణ లేజర్ ప్రింటర్ ఇచ్చే సమాధానం. అంకెలు పాయింట్లలో ఉంటాయి, 72 పాయింట్లు ఒక అంగుళం. A4 కాగితం 595 పాయింట్ల వెడల్పు, 842 పాయింట్ల ఎత్తు. అచ్చు ఎడమ నుంచి 12 దగ్గర, అడుగు నుంచి 12 దగ్గర మొదలై, కుడివైపు 583 దగ్గర, పైన 830 దగ్గర ఆగుతుంది. అంటే నాలుగు వైపులా 12 పాయింట్లు, అదే 4.2 మి.మీ. ఇది కాగితం బుద్ధిగా నడిచినప్పటి లెక్క. జారుడు ఎంతో ఈ ఫైల్ చెప్పదు, దానికి ఐదు కాపీల పరీక్షే గతి.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచీ చూద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. దాని లెటర్‌హెడ్ ప్రెస్ కోసం వేసింది. ఎడమవైపు పళ్ల చక్రం ఆకారంలో లోగో, అంచుకి 4 మి.మీ. దూరంలో ఉంది. పైన నడిమధ్యన, అంచుకి ఆనుకుని, దేవుడి పేరు ఉంది. మన వైపు లెటర్‌హెడ్‌లకి అది ఆనవాయితీ, ప్రింటర్‌కి దాని మీద ప్రత్యేక గౌరవమేమీ ఉండదు కాబట్టి మొదట తెగేదీ అదే. అడుగున 14 మి.మీ. నీలం పట్టీ, అందులో తెల్లని 8 పాయింట్ల అక్షరాలతో మూడు వరుసలు. చివరి వరుసలో సీఐఎన్, జీఎస్‌టీ నంబరు. ఆ వరుస అంకెల పాదాలు అంచుకి 3 మి.మీ. ఎత్తులో ఉన్నాయి. 8 పాయింట్ల అంకె 2 మి.మీ. ఎత్తుంటుంది కాబట్టి వాటి తలలు 5 మి.మీ. దగ్గర ఉన్నాయి. ప్రింటర్ 4.2 దగ్గర కోస్తుంది. అంకెల పైభాగం 0.8 మి.మీ. మాత్రమే మిగులుతుంది. 21 అక్షరాల సీఐఎన్ ఒక కుట్టు వరుసలా కనిపిస్తుంది. లోగో ఎడమ పన్ను కొస పోయి చదునవుతుంది. కాగితం కాస్త జారినరోజు ఆ పన్ను మొత్తం పోతుంది.

ఇలాంటప్పుడు ఆఫీసులో మొదట తోచే వైద్యం ప్రింట్ డైలాగ్‌లో "Fit" నొక్కడం. అది కొంతవరకు పనిచేస్తుంది. లెక్క ఇలా ఉంటుంది. రెండు పక్కలా 4.2 వదిలితే అచ్చుకి దొరికే వెడల్పు 201.6 మి.మీ. అది 210లో 96 శాతం. పేజీ మొత్తం 96 శాతానికి కుదించుకుని మధ్యలో కూర్చుంటుంది. సీఐఎన్ పాదాలు ఇప్పుడు అంచుకి దాదాపు 9 మి.మీ. ఎత్తుకి వస్తాయి, వరుస పూర్తిగా చదవగలం. కానీ నీలం పట్టీ చుట్టూ తెల్ల చట్రం కడుతుంది, పక్కల 4 మి.మీ., అడుగున 6 మి.మీ. ఉత్తరం ఎవరో జెరాక్స్ తీసి ఇచ్చినట్టు ఉంటుంది. ఉత్తరంలోని 11 పాయింట్ల అక్షరాలు పదిన్నరకి తగ్గుతాయి. 5 మి.మీ. వదిలే ఇంకో ప్రింటర్‌లో అదే ఉత్తరం 95 శాతానికి కుదించుకుంటుంది. ఒకే ఆఫీసు నుంచి వెళ్లిన ఉత్తరాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. దీన్ని తాత్కాలికంగా వాడుకోవచ్చు, లెటర్‌హెడ్ సరిచేయడానికి బదులుగా మాత్రం వాడకూడదు.

సరైన పని పేజీని మళ్లీ కట్టడం. అచ్చుకి ప్రమాదం లేని దూరం ఎంత అన్నది మొదట తేల్చుకోవాలి. ప్రింటర్ హద్దు 4 నుంచి 5 మి.మీ., కాగితం జారుడు మరో రెండు. ఇంకా, ఈ పీడీఎఫ్ రేపు ఏ ఊళ్లో ఏ ప్రింటర్‌లోకి వెళ్తుందో తెలియదు కాబట్టి మరికొంత. మొత్తం 10 మి.మీ. కన్నా తక్కువ పెట్టకూడదు. ఆటోనగర్ కంపెనీకి 12 పెడదాం. పాత ఇంక్‌జెట్లు కూడా చాలావరకు అందులో గట్టెక్కుతాయి.

వర్డ్‌లో పేజీ A4. "Page Setup"లో "Layout" ట్యాబ్‌లోకి వెళ్తే "From edge" కింద హెడర్, ఫుటర్ దూరాలు విడివిడిగా ఉంటాయి, రెండిటికీ 1.2 సెం.మీ. మార్జిన్లు వేరు, ఈ దూరాలు వేరు. మార్జిన్ ఉత్తరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెబుతుంది. ఫుటర్ దూరం చివరి వరుస అడుగు కాగితం అంచుకి ఎంత ఎత్తున ఉండాలో చెబుతుంది. చాలామంది మార్జిన్ పెంచి, ఫుటర్ కదల్లేదేమిటని తిట్టుకుంటారు.

అడుగు లెక్క: మూడు ఇంగ్లీషు వరుసలు, ఒక్కొక్కటి 10 పాయింట్ల ఎత్తు, మొత్తం 30 పాయింట్లు, అంటే 10.6 మి.మీ. అడుగు 12 దగ్గర ఉంటే తల 22.6 దగ్గర ఉంటుంది. పేజీ కింది మార్జిన్ 28 మి.మీ. పెడితే ఉత్తరానికీ ఫుటర్‌కీ మధ్య ఐదున్నర మి.మీ. ఊపిరి దొరుకుతుంది. నీలం పట్టీ తీసేసి దాని స్థానంలో వరుసల పైన సన్నని నీలం గీత, వరుసలు అదే నీలంలో. పట్టీ పోయిందని యజమాని బాధపడితే, ఫుటర్ వెడల్పు మేరకే రంగు పెట్టెలాంటిది కట్టి, అంచులకి తగలకుండా నాలుగు వైపులా తెల్లదనం ఉంచవచ్చు. తెల్లదనం కావాలని ఉంచినట్టు కనిపిస్తే చాలు. కంటికి ఇబ్బంది పెట్టేది నాలుగు మి.మీ. తెలుపు, పన్నెండు మి.మీ. తెలుపు కాదు.

ఫుటర్‌ని రెండు మూడు గళ్ల టేబుల్‌గా కడితే చిరునామా ఎడమన, నంబర్లు కుడిన చక్కగా నిలుస్తాయి. కానీ అక్కడ ఒక చిక్కుంది. వర్డ్‌లో ఏ టేబుల్ తర్వాతైనా ఒక ఖాళీ పేరా తప్పనిసరిగా ఉంటుంది, దాన్ని తుడిచేయలేం. 1.2 సెం.మీ. దూరాన్ని వర్డ్ ఆ ఖాళీ పేరా అడుగు నుంచి కొలుస్తుంది, చిరునామా అనుకున్నదానికన్నా నాలుగైదు మి.మీ. పైకి జరుగుతుంది. ఆ పేరా అక్షరాల సైజు 1 పాయింట్ చేసి, లైన్ స్పేసింగ్ "Exactly" 1 పాయింట్ పెడితే అది దాదాపు మాయమవుతుంది. "Exactly" మేలు చేసే అరుదైన చోటు ఇది.

పైభాగంలో లోగో ఎత్తు 18 మి.మీ. హెడర్ 12 దగ్గర మొదలవుతుంది కాబట్టి లోగో 30 దగ్గర ముగుస్తుంది, దాని కింద 6 మి.మీ. జాగా వదిలితే ఉత్తరం 36 దగ్గర మొదలవ్వాలి. అయితే పై మార్జిన్ 36 పెడితే రెండో పేజీలో కూడా అంత ఖాళీ వృథా అవుతుంది. దానికి బదులు మార్జిన్ 25 మి.మీ.నే ఉంచి "Different First Page" టిక్ పెట్టాలి. మొదటి పేజీ హెడర్ పొడుగైతే వర్డ్ ఉత్తరాన్ని తనంతట తనే కిందికి నెడుతుంది, రెండో పేజీలో ఉత్తరం 25 దగ్గరే మొదలవుతుంది. కానీ ఈ నెట్టుడు కచ్చితంగా జరగాలంటే లోగో "In Line with Text"గా ఉండాలి. "Behind Text" అని వదిలేసిన బొమ్మ తేలుతూ ఉంటుంది, దాని ఎత్తుని హెడర్ లెక్కలోకి తీసుకోదు, ఉత్తరం మొదటి వరుస లోగో మీదికి ఎక్కుతుంది. "Different First Page" టిక్ పెట్టాక మొదటి పేజీ ఫుటర్, రెండో పేజీ ఫుటర్ వేరువేరుగా ఉంటాయని మరిచిపోకూడదు. కంపెనీ పేరు, సీఐఎన్ అక్కడా ఒక్క వరుసలో పెడితే పేజీలు విడిపోయినా ఏ కంపెనీదో తెలుస్తుంది.

వర్డ్ హెచ్చరికని నమ్ముకోవడం కూడా ప్రమాదమే. మార్జిన్లు ప్రింటర్ హద్దు దాటితే అది "Your margins are pretty small. Some of your content might be cut off when you print." అని హెచ్చరిస్తుంది. కానీ అది చూసేది మార్జిన్లని. పేజీ అంచుదాకా లాగి పెట్టిన బొమ్మ తెగుతుందని చెప్పదు. పాత జేపీజీ లెటర్‌హెడ్‌తో ఏళ్ల తరబడి హెచ్చరిక రాకుండానే ఫుటర్లు తెగింది ఇందుకే. పీడీఎఫ్‌గా దాచి చూసుకున్నా తెలియదు. పీడీఎఫ్‌కి రోలర్లు లేవు, పేజీ అంచుదాకా అన్నీ నిక్షేపంగా చూపిస్తుంది. కాగితం మీద "Actual size"తో తీసి, స్కేలు పెట్టి చివరి వరుస 12 మి.మీ. దగ్గర ఉందో లేదో కొలిస్తేనే నమ్మాలి. 11.5 వచ్చినా 12.5 వచ్చినా అది కాగితం జారుడు. దాదాపు 17 వస్తే "Fit" ఎక్కడో ఇంకా ఆన్‌లో ఉంది. సరిగ్గా వచ్చాక ఫైల్‌ని .dotx టెంప్లేట్‌గా దాస్తే, కొత్త ఉత్తరం తెరిచిన ప్రతిసారీ ఈ కొలతలు చెదరకుండా వస్తాయి. పాత ఉత్తరాన్ని తెరిచి, పేరు మార్చి, దాని మీదే కొత్తది రాసే అలవాటు ఉన్నచోట పాత జేపీజీ మళ్లీ బతికి వస్తుంది.

అంచుదాకా రంగు ఉండి తీరాలనే సంస్థలూ ఉన్నాయి. వాళ్లకి దారి ప్రెస్సే. పట్టీని, లోగోని ఆఫ్‌సెట్‌లో ముందే అచ్చు వేయించి, ఆ కాగితాన్ని వేరే ట్రేలో పెట్టి, ఆఫీసు ప్రింటర్‌తో ఉత్తరం మాత్రమే వేసుకోవాలి. వర్డ్‌లో "Page Setup"లోని "Paper" ట్యాబ్‌లో మొదటి పేజీకి ఒక ట్రే, మిగతావాటికి ఇంకో ట్రే ఎంచుకోవచ్చు. ఇలా చేయించేవాళ్లు ఉబ్బెత్తు అక్షరాల అచ్చు జోలికి పోకూడదు. వేడితో ఉబ్బించిన ఆ రెసిన్ లేజర్ ఫ్యూజర్ వేడికి మళ్లీ మెత్తబడి రోలర్‌కి అంటుకోవచ్చు. ప్రెస్ వాళ్లకి ఇది లేజర్ ప్రింటర్‌లో వాడే కాగితమని ముందే చెప్పాలి.

ఇక ఆటోనగర్ కంపెనీకి డాలస్‌లో ఒక కొనుగోలుదారు దొరికాడనుకుందాం. ఉత్తరం పీడీఎఫ్‌లో వెళ్తుంది, అక్కడి ట్రేలో ఉన్నది లెటర్ కాగితం. ఆయన "Fit"తో తీస్తే పేజీ 91 శాతానికి కుదించుకుంటుంది, కాస్త చిన్నగా ఉన్నా ఏదీ తెగదు. "Actual size"తో తీస్తే 297 మి.మీ. పేజీ 279.4లో పట్టదు. పేజీని మధ్యలో కూర్చోబెట్టే ప్రోగ్రాం పైన 8.8, కింద 8.8 మి.మీ. కోస్తుంది. 12 దగ్గర ఉన్న చివరి వరుస అక్కడి అంచుకి 3.2 మి.మీ. దూరానికి వస్తుంది. ప్రింటర్ హద్దు 4.2. మళ్లీ సీఐఎన్ అడుగు తెగింది, ఈసారి ఒక్క మిల్లీమీటరు. 8.8కి 4.2 కలిపితే 13, కాగితం జారుడికీ జాగ్రత్తకీ కలిపి ఇంకో మూడు, మొత్తం 16 మి.మీ. కావాలి. విదేశీ ఉత్తరాల కోసం విడిగా ఒక టెంప్లేట్ ఉంచుకుని, అందులో హెడర్, ఫుటర్ దూరాలు రెండూ 1.6 సెం.మీ. చేసి, కింది మార్జిన్ 3.2 సెం.మీ.కి పెంచితే అడుగున 4 మి.మీ. చోటు తగ్గుతుంది. 11 పాయింట్ల అక్షరాల్లో అది ఒక వరుస కన్నా తక్కువే.